ఒకటే బ్యారెల్, మూడు రకాల లెక్కలు

ముడిచమురు ధర రెండు మూడు డాలర్లు తగ్గిందంటే చాలు, వ్యాపార వార్తల్లో ఒకటే మాట వినిపిస్తుంది: విమానయాన కంపెనీలకు మంచిది, రంగుల కంపెనీలకు మంచిది, ఎరువుల కంపెనీలకూ మంచిదే. పెరిగిన రోజున అదే మాటను తిరగేసి చెబుతారు. ఇందులో నిజం లేకపోలేదు. ఈ మూడు రంగాల ఖర్చుల మూలం వెతుక్కుంటూ వెళ్తే చమురుబావి దగ్గరో, గ్యాస్ బావి దగ్గరో తేలతాం. కానీ గత పది పన్నెండేళ్ల ఫలితాలను ముందు పెట్టుకుని ఈ సూత్రాన్ని పరీక్షిస్తే పొంతన కుదరని సందర్భాలు చాలానే ఉన్నాయి.

2014 జూన్‌లో 115 డాలర్ల దగ్గరున్న బ్రెంట్ ధర డిసెంబరు మధ్యకల్లా 60 డాలర్లకు పడిపోయింది. సరిగ్గా ఆ డిసెంబరులోనే చమురు కంపెనీలు అప్పు మీద ఇంధనం పోయడానికి ఒప్పుకోక స్పైస్‌జెట్ విమానాలు గంటల తరబడి నేల మీదే ఉండిపోయాయి. 2024-25లో క్రూడ్ మెత్తబడింది, అయినా ఏషియన్ పెయింట్స్ లాభం దాదాపు మూడో వంతు తగ్గింది. 2025లో బ్రెంట్ 70 డాలర్ల చుట్టుపక్కలే తిరిగింది, అదే ఏడాది డీఏపీ దిగుమతి ధర టన్నుకు 700 డాలర్లు దాటింది.

సూత్రం తప్పలేదు గానీ, అసంపూర్ణం. క్రూడ్ ధర ఒక కంపెనీ లాభనష్టాలుగా మారాలంటే మూడు ప్రశ్నలను దాటి రావాలి. పెరిగిన ధర కంపెనీ ఖర్చులోకి ఎన్నాళ్లకు చేరుతుంది? అమ్మకపు ధర ఎవరి చేతిలో ఉంది? ఈలోగా గోదాములో ఉన్న సరుకు ఏ ధరకు కొన్నది? విమానయానం, రంగులు, ఎరువులు ఈ మూడింటికీ మూడు వేర్వేరు జవాబులిస్తాయి. మన ఇళ్లలో చాలామంది చిన్న మదుపరులు ఈ షేర్లను, వీటిని కొనే మ్యూచువల్ ఫండ్లను పట్టుకుని ఉన్నారు. కాబట్టి ఈ తేడా తెలిసి ఉండటం వాళ్ల డబ్బుకు సంబంధించిన విషయం.

బ్యారెల్ నుంచి రూపాయి దాకా

వార్తల్లో కనిపించే ధర డాలర్లలో ఉంటుంది, పైగా అది క్రూడ్‌ది. ఈ మూడు రంగాల కంపెనీలేవీ క్రూడ్ కొనవు. విమానయాన సంస్థ కొనేది ఏటీఎఫ్ అనే విమాన ఇంధనం. రంగుల కంపెనీ కొనేది రెజిన్లు, ద్రావకాలు, మోనోమర్లు. ఎరువుల కంపెనీ కొనేది సహజవాయువు, అమ్మోనియా, గంధకం, ఫాస్ఫారిక్ ఆమ్లం. క్రూడ్‌కూ వీటికీ మధ్య ఒక రిఫైనరీ, ఒక పెట్రోకెమికల్ కర్మాగారం, ఒక ఓడ, ఒక డాలరు మారకపు రేటు ఉన్నాయి. వీటిలో ఏది అటూ ఇటూ అయినా చివరి ధర మారిపోతుంది.

దీన్ని రెండు తేదీల మధ్య పోల్చి చూద్దాం. 2008 జులైలో క్రూడ్ 147 డాలర్ల రికార్డుకు చేరింది. ఆ ప్రభావంతో ఆగస్టులో ఢిల్లీలో విమాన ఇంధనం కిలోలీటరు సుమారు 71,000 రూపాయలు పలికింది. 2022 జూన్ మధ్యలో బ్రెంట్ 120 డాలర్ల దగ్గర, అంటే పాత రికార్డు కన్నా బాగా తక్కువలో ఉంది. అయినా ఢిల్లీలో ఏటీఎఫ్ కిలోలీటరు 1,41,000 రూపాయలు దాటింది. క్రూడ్ తగ్గితే ఇంధనం రెట్టింపు ఎలా అయింది?

మొదటి కారణం రూపాయి. 2008లో డాలరు 43 రూపాయలు, 2022 జూన్‌లో 78 రూపాయలు. అంటే బ్యారెల్ రూపాయల్లో సుమారు 6,300 నుంచి 9,400కు, అంటే ఒకటిన్నర రెట్లు అయింది. మిగిలిన పెరుగుదలలో ఎక్కువ భాగం రిఫైనరీ దగ్గర వచ్చింది. క్రూడ్ ధరకూ దాన్నుంచి తీసిన ఇంధనం ధరకూ మధ్య ఉండే తేడాను ఆ రంగంలో క్రాక్ స్ప్రెడ్ అంటారు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా డీజిల్ మీద అనుమానం ముసురుకుంది. కరోనా కాలంలో మూతపడిన కొన్ని రిఫైనరీలు మళ్లీ తెరుచుకోలేదు. ప్రయాణాలు మాత్రం ఒక్కసారిగా పుంజుకున్నాయి. డీజిల్, విమాన ఇంధనాల క్రాక్ స్ప్రెడ్ అంతకుముందెన్నడూ లేనంతగా పెరిగింది. ఆ వేసవిలో క్రూడ్ ధర ఒక్కటే చూసుకుని విమానయాన సంస్థల ఖర్చు అంచనా వేసినవారు పూర్తిగా పొరబడ్డారు.

విమానం: దెబ్బ వెంటనే, టికెట్టు ధర ఆలస్యంగా

విమానయాన సంస్థకు గోదాము లేదు. ఈ నెల కాల్చే ఇంధనాన్ని ఈ నెలే కొంటుంది. దేశంలో చమురు కంపెనీలు అంతర్జాతీయ సగటును బట్టి ప్రతి నెలా ఒకటో తేదీన ఏటీఎఫ్ ధర సవరిస్తాయి. అందుకని క్రూడ్ పెరిగిన నెల తిరిగేసరికి ఖర్చు కనిపిస్తుంది. ఏటీఎఫ్ ఇంకా జీఎస్టీలోకి రాలేదు. కేంద్ర ఎక్సైజు సుంకం మీద రాష్ట్రాల వ్యాట్ పడుతుంది, అది కొన్ని రాష్ట్రాల్లో ఒక శాతం ఉంటే మరికొన్నిటిలో దాదాపు 30 శాతం దాకా ఉంటుంది. ఈ పన్నులు ధర మీద శాతంగా వేసేవి కాబట్టి క్రూడ్ పెరిగితే పన్ను కూడా దానితోపాటే పెరుగుతుంది.

దీనికి అద్దం పట్టే త్రైమాసికం 2018 జులై-సెప్టెంబరు. అంతకుముందు ఏడాది అదే మూడు నెలల్లో బ్రెంట్ సగటు 52 డాలర్లు, 2018లో 75 డాలర్లు. డాలర్లలో పెరుగుదల 44 శాతం. అదే సమయంలో డాలరు సగటున 64 రూపాయల నుంచి 70కి వెళ్లింది. రూపాయల్లో చూస్తే పెరుగుదల దాదాపు 58 శాతం. ఇండిగో ఆ ఏడాది కొత్త విమానాలు చేర్చుకుంటూ సర్వీసులు కూడా బాగా పెంచింది. అన్నీ కలిసి ఇంధన ఖర్చు 84 శాతం పెరిగి 3,035 కోట్ల రూపాయలకు చేరింది. అంటే ఒక్క ఇంధనం మీదే ఏడాదిలో సుమారు 1,390 కోట్ల అదనపు భారం. వ్యాపార ఆదాయం మాత్రం 17 శాతమే పెరిగి 6,185 కోట్లయింది. ప్రతి వంద రూపాయల ఆదాయంలో 49 రూపాయలు ఇంధనానికే పోయాయి. అంతకుముందు ఏడాది 552 కోట్ల లాభం చూపిన కంపెనీ ఈసారి 652 కోట్ల నష్టం చూపింది. స్టాక్ మార్కెట్లో నమోదైన తర్వాత ఇండిగోకు అదే మొదటి త్రైమాసిక నష్టం.

ఇంధనం పెరిగితే టికెట్టు ధర పెంచవచ్చు కదా అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. ఇక్కడే రెండో ప్రశ్న ముందుకొస్తుంది. విమానం బయల్దేరాక ఖాళీ సీటుకు విలువ లేదు. కాబట్టి పోటీ ఎక్కువగా ఉన్న మార్గంలో ఎవరూ ముందుగా ధర పెంచరు. 2018లో జెట్ ఎయిర్‌వేస్ నగదు కోసం అల్లాడుతూ ఎంత తక్కువకైనా టికెట్లు అమ్ముతోంది, మిగతావాళ్లు సీట్ల సంఖ్య పెంచుతూ పోతున్నారు. ఖర్చు పెరిగినా టికెట్టు పెరగలేదు. 2019 ఏప్రిల్ 17న జెట్ చివరి విమానం ఎగిరింది. దాని సీట్లు మార్కెట్లోంచి మాయమయ్యాక మిగిలినవారికి ధర నిర్ణయించే బలం వచ్చింది. 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడూ ఇదే జరిగింది. బ్రెంట్ సగటు 80 డాలర్లకు పైనే ఉన్నా ఇండిగో 2023-24లో 8,172 కోట్ల రూపాయల లాభం చూపింది. 2018లో 75 డాలర్ల దగ్గర నష్టం, 2023లో 80 డాలర్ల పైన రికార్డు లాభం. ఆ తేడాను చమురు వివరించలేదు. టికెట్టు ధర ఎవరి చేతిలో ఉందన్న విషయమే వివరిస్తుంది.

రూపాయి దెబ్బ ఇంధనంతో ఆగదు. విమానాల అద్దెలు, మరమ్మతు ఖర్చులు డాలర్లలోనే చెల్లించాలి. కొత్త అకౌంటింగ్ నిబంధనల ప్రకారం రాబోయే ఏళ్లలో కట్టాల్సిన అద్దెలన్నీ అప్పుగా పుస్తకాల్లో చూపాలి. రూపాయి పడిన ప్రతి త్రైమాసికంలో ఆ డాలరు అప్పు రూపాయల్లో పెరుగుతుంది, జేబులోంచి పైసా పోకున్నా లాభం తగ్గుతుంది. 2022-23లో ఇండిగో సుమారు 306 కోట్ల నష్టం చూపింది. మారకపు నష్టాలను పక్కన పెడితే అది లాభాల్లో ఉన్న ఏడాదే. చమురు దిగుమతి బిల్లు పెరిగితే డాలర్లకు గిరాకీ పెరిగి రూపాయి బలహీనపడే అవకాశం ఎక్కువ. అందుకే విమానయానానికి ఈ రెండు దెబ్బలూ తరచుగా జంటగానే తగులుతాయి.

ముందుగానే ధర ఖాయం చేసుకునే హెడ్జింగ్ ఒప్పందాలు కాపాడవా? కొంతకాలం కాపాడతాయి. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఆ పద్ధతితోనే 2000ల్లో పేరు తెచ్చుకుంది. కానీ ధర దిగితే అదే ఒప్పందం మెడకు చుట్టుకుంటుంది. ఎక్కువ ధర దగ్గర ఏళ్ల తరబడికి ఒప్పందాలు చేసుకున్న హాంకాంగ్ సంస్థ కాథే పసిఫిక్, చమురు చవకగా ఉన్న 2016లో ఇంధన హెడ్జింగ్ మీదే 800 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా నష్టపోయింది. మన సంస్థలు చాలావరకు ఈ జోలికి పోవు. అందుకే క్రూడ్ కదలిక వాటి ఫలితాల్లో దాదాపు పూర్తిగా కనిపిస్తుంది.

రంగుల డబ్బా: కొన్ని నెలల ఆలస్యం

రంగుల కంపెనీ కథ వేరుగా నడుస్తుంది. అమ్మకంలో వంద రూపాయలు వస్తే అందులో 55 నుంచి 60 రూపాయలు ముడిసరుకుకే పోతాయి. ఆ ముడిసరుకులో మంచి భాగం చమురు సంతతి: గోడ రంగులకు బంధకంగా వాడే వినైల్ అసిటేట్, అక్రిలేట్ మోనోమర్లు, ఎనామిల్ రంగులకు వాడే మినరల్ టర్పెంటైన్, రెజిన్లలోకి వెళ్లే థాలిక్ అన్‌హైడ్రైడ్, చివరికి ప్లాస్టిక్ డబ్బా కూడా. అయితే తెల్లదనాన్నీ, గోడను కప్పే గుణాన్నీ ఇచ్చే టైటానియం డయాక్సైడ్ మాత్రం చమురు నుంచి రాదు. అది ఇల్మనైట్, రూటైల్ ఖనిజాల నుంచి వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో దొరికే బీచ్ ఇసుకలో ఉన్నది ఆ ఖనిజాలే. టైటానియం డయాక్సైడ్‌కు తనదంటూ వేరే ధరల చక్రం ఉంది. అది చైనాలో ఎన్ని కర్మాగారాలు నడుస్తున్నాయన్న దాన్ని బట్టి తిరుగుతుంది. ముడిసరుకు ఖర్చులో దాని వాటా పెద్దదే. కాబట్టి రంగుల కంపెనీ మీద క్రూడ్ పట్టు మొదటినుంచీ పాక్షికమే.

ఇక కాలం సంగతి. మోనోమర్ ఓడలో బయల్దేరి, రేవులో దిగి, కర్మాగారంలో రంగుగా మారి, డీలరు దుకాణంలో అమ్ముడయ్యేసరికి కొన్ని నెలలు పడుతుంది. ఈ త్రైమాసికంలో అమ్మిన డబ్బాలో ఉన్నది ఎక్కువగా కిందటి త్రైమాసికంలో కొన్న సరుకు. అందుకే చమురు పడిన వెంటనే రంగుల కంపెనీ మార్జిన్ పెరగదు, పెరిగిన వెంటనే తగ్గదు.

ఏషియన్ పెయింట్స్ రెండు త్రైమాసికాలను పక్కపక్కన పెడితే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2020 ఏప్రిల్‌లో బ్రెంట్ 20 డాలర్ల కిందకు దిగింది. ఆ చవక సరుకు రంగుగా మారి అమ్ముడైన 2020 జులై-సెప్టెంబరులో కంపెనీ స్థూల మార్జిన్, అంటే అమ్మకం నుంచి ముడిసరుకు ఖర్చు తీసేస్తే మిగిలేది, వందకు 44 రూపాయలకు పైగా ఉంది. ఏడాది తిరిగేసరికి అంతా తారుమారైంది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌ను మంచుతుపాను కుదిపేసింది. అక్కడి పెట్రోకెమికల్ కర్మాగారాలు వారాలపాటు ఆగిపోయాయి, మోనోమర్ల ధరలు క్రూడ్‌ను దాటి పరుగెత్తాయి. ఓడల కిరాయి, కంటైనర్ల కొరత దానికి తోడయ్యాయి. 2021 జులై-సెప్టెంబరులో కంపెనీ ఆదాయం 32 శాతం పెరిగింది. స్థూల మార్జిన్ మాత్రం 34 రూపాయల చిల్లరకు జారింది. నికర లాభం 29 శాతం తగ్గి 605 కోట్లయింది. అమ్మకాలు బ్రహ్మాండం, లాభం నేలచూపు.

ఇప్పుడు ధర పెంచే లెక్క చూద్దాం. వంద రూపాయల రంగులో ముడిసరుకు 56 రూపాయలు, మిగిలేది 44 అనుకుందాం. ముడిసరుకు 20 శాతం పెరిగితే 67 రూపాయలవుతుంది, మిగిలేది 33. మళ్లీ 44 రూపాయలు మిగలాలంటే డబ్బాను 111 రూపాయలకు అమ్మితే చాలు. కానీ కంపెనీలూ వాటాదారులూ చూసేది శాతాన్ని. 44 శాతం తిరిగి రావాలంటే డబ్బా 120 రూపాయలు కావాలి. అంటే ముడిసరుకు ఎంత శాతం పెరిగిందో రంగు ధర కూడా అంతే శాతం పెరగాలి. ఏషియన్ పెయింట్స్ 2021-22లో విడతలు విడతలుగా మొత్తం 20 శాతానికి పైగా ధరలు పెంచింది. పోటీదారులూ అదే దారిలో నడిచారు. ఇల్లు కట్టుకునేవాడికి రంగు ఖర్చు మొత్తం ఖర్చులో చిన్న భాగం, పైగా పదేళ్లకోసారి వచ్చేది. లక్షన్నర పైచిలుకు దుకాణాల వల ఉన్న కంపెనీని డీలరు అంత తేలిగ్గా వదులుకోలేడు. అందుకే ఆలస్యంగానైనా పెంపు నిలబడింది.

ఈ రంగంలో అసలు లాభం వచ్చేది ఆ తర్వాతే. ముడిసరుకు దిగినప్పుడు డబ్బా ధర అంత వేగంగా దిగదు. 2022 రెండో సగం నుంచి ముడిసరుకు చల్లబడింది, పెంచిన ధరలు చాలావరకు అలాగే ఉండిపోయాయి. 2021-22లో సుమారు 3,000 కోట్లున్న ఏషియన్ పెయింట్స్ వార్షిక లాభం 2023-24కు 5,460 కోట్లయింది. స్థూల మార్జిన్ మళ్లీ 43 శాతం దాటింది. చమురు పెరిగినప్పుడు పోగొట్టుకున్నది, దిగినప్పుడు వడ్డీతో సహా తిరిగొచ్చింది.

అంతటితో కథ ముగిసి ఉంటే సూత్రం గెలిచినట్టే. కానీ అంత లావు మార్జిన్ కొత్తవారిని పిలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో గ్రాసిమ్ సంస్థ బిర్లా ఓపస్ పేరుతో, దేశంలో ఆరుచోట్ల కర్మాగారాల ప్రణాళికతో బరిలో దిగింది. డీలర్ల కమీషన్లు, రాయితీలు పెరిగాయి. నగరాల్లో గిరాకీ కూడా మందగించింది. 2024-25లో క్రూడ్ దయ చూపినా ఏషియన్ పెయింట్స్ లాభం 3,667 కోట్లకు తగ్గింది. ముడిసరుకు చవకైనప్పుడు మిగిలే డబ్బు కంపెనీకి చెందాలంటే, దాన్ని రాయితీ రూపంలో కొనుగోలుదారుకు పంచిపెట్టే పోటీదారు ఉండకూడదు.

ఎరువుల బస్తా: ధర ఢిల్లీలో తేలుతుంది

ఎరువుల్లో అమ్మకపు ధర రైతు చేతిలోనూ లేదు, కంపెనీ చేతిలోనూ లేదు. ఇక్కడ ప్రభుత్వం చెరువు తూము లాంటిది. చెరువులో నీరు ఎంత పెరిగినా తూము ఎంత ఎత్తారన్న దాన్ని బట్టే పొలానికి నీరు అందుతుంది. ప్రపంచ మార్కెట్లో ధర ఎంతైనా, సబ్సిడీ ఎంత, ఎప్పుడు ఇస్తారన్న దాన్ని బట్టే కంపెనీ లాభం తేలుతుంది.

ముందు యూరియా. దీని తయారీ ఖర్చులో నూటికి డెబ్బై, ఎనభై వంతులు సహజవాయువే. దిగుమతి చేసుకునే ఎల్‌ఎన్‌జీ దీర్ఘకాలిక ఒప్పందాల్లో ధర బ్రెంట్‌కు కట్టి ఉంటుంది, గత కొన్ని నెలల సగటులో ఇంత శాతం అని. కాబట్టి క్రూడ్ కొన్ని నెలల ఆలస్యంతో గ్యాస్ ధరలోకి వస్తుంది. టన్ను యూరియాకు సుమారు 5.5 గిగాకేలరీల శక్తి కావాలి, అంటే గ్యాస్ కొలతలో దాదాపు 22 ఎంఎంబీటీయూలు. గ్యాస్ ఒక్క డాలరు పెరిగితే టన్నుకు 22 డాలర్లు, 45 కిలోల బస్తాకు 80 రూపాయలకు పైగా ఖర్చు పెరుగుతుంది. బస్తా అమ్మేది మాత్రం ఏళ్ల తరబడి 266 రూపాయల 50 పైసలకే. ఆ తేడాను ప్రభుత్వం భరిస్తుంది. కాబట్టి గ్యాస్ పెరిగితే యూరియా కంపెనీ మునిగిపోతుందన్న ఊహ తప్పు.

నిజానికి సమర్థంగా నడిచే కర్మాగారానికి కొంత లాభమే. ప్రభుత్వం ఇంత శక్తి వాడవచ్చని ఒక పరిమితి పెట్టి దానికి డబ్బిస్తుంది. అంతకన్నా తక్కువ గ్యాస్‌తో నడిపితే మిగిలింది కంపెనీదే. మిగిల్చిన గ్యాస్ విలువ గ్యాస్ ధరతోపాటే పెరుగుతుంది. పరిమితికి మించి గ్యాస్ తాగే పాత కర్మాగారానికి ఇదే లెక్క తిరగబడుతుంది. క్రూడ్ పెరిగినప్పుడు అన్ని యూరియా కంపెనీలనూ ఒకే గాటన కట్టకూడదన్నది ఇందుకే.

దెబ్బ తగిలేది నగదు దగ్గర. గ్యాస్ బిల్లు పక్షం పక్షం కట్టాలి, సబ్సిడీ మాత్రం రైతు వేలిముద్ర వేసి బస్తా తీసుకున్నాక, బడ్జెట్లో డబ్బుంటేనే వస్తుంది. గ్యాస్ రెట్టింపైతే బకాయీ రెట్టింపవుతుంది. ఆ బకాయిని బ్యాంకు అప్పుతో మోయాలి, ఆ వడ్డీ లాభాన్ని తింటుంది. 2020 నవంబరులో కేంద్రం ఎరువులకు అదనంగా 65,000 కోట్లు ప్రకటించి పాత బకాయిల భారం దించాక ఈ కంపెనీల వడ్డీ ఖర్చు ఒక్కసారిగా తేలికపడింది.

డీఏపీ, కాంప్లెక్స్ ఎరువుల పద్ధతి వేరు. 2010 నుంచి వీటికి పోషకాల ఆధారంగా, నత్రజని కిలోకు ఇంత, భాస్వరం కిలోకు ఇంత అని సబ్సిడీ స్థిరంగా ఉంటుంది. బస్తా ధర కంపెనీ ఇష్టమని కాగితం మీద ఉన్నా, ఎంత దాకా పోనిస్తారో అందరికీ తెలుసు. 2021 వసంతంలో ఇది బయటపడింది. అప్పటిదాకా డీఏపీ బస్తా అసలు ధర 1,700 రూపాయలు, సబ్సిడీ 500, రైతుకు 1,200. ఫాస్ఫారిక్ ఆమ్లం, అమ్మోనియా ధరలు 60, 70 శాతం పెరగడంతో అసలు ధర 2,400 అయింది. అదే సబ్సిడీతో అమ్మితే రైతు 1,900 పెట్టాలి. ఆందోళన పెరిగింది. మే నెలలో కేంద్రం సబ్సిడీని బస్తాకు 1,200కు పెంచి, రైతు ధరను 1,200 దగ్గరే నిలిపింది. తర్వాతి ఏడాది రైతు ధర 1,350 అయింది. గ్యాస్, అమ్మోనియా ధరలు ఇంకా ఎగసిన 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లకు చేరింది.

డీఏపీలో క్రూడ్ పాత్ర చాలామంది ఊహించని చోట ఉంది. నత్రజని కోసం అమ్మోనియా కావాలి, అది గ్యాస్ నుంచి వస్తుంది. భాస్వరం కోసం ఫాస్ఫేట్ రాయిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించాలి. ఆ ఆమ్లానికి గంధకం కావాలి. ప్రపంచంలో గంధకం అత్యధికంగా వచ్చేది చమురు, గ్యాస్ శుద్ధిలో ఉపఉత్పత్తిగానే. ఇక్కడో తిరకాసు ఉంది. రిఫైనరీలు తక్కువగా నడిస్తే గంధకం తక్కువగా వస్తుంది. అంటే చమురుకు గిరాకీ తగ్గిన కాలంలో గంధకం ధర పెరగవచ్చు.

రాయి, ఆమ్లం సంగతికొస్తే, అక్కడ క్రూడ్ కన్నా మొరాకో, చైనాల మాట ఎక్కువ చెల్లుతుంది. మన కంపెనీలు కొనే ఫాస్ఫారిక్ ఆమ్లం ధర త్రైమాసికానికోసారి బేరసారాలతో కుదురుతుంది. 2022 మధ్యలో అది టన్నుకు 1,700 డాలర్లు దాటి, 2023 మధ్యకు 1,000 డాలర్ల కిందకు దిగింది. ముడిసరుకు సగానికి పడితే కంపెనీకి పండగే కదా? కాలేదు, ఎందుకంటే సబ్సిడీ అంతకన్నా వేగంగా పడింది. 2022 అక్టోబరులో ప్రకటించిన రేట్లు నత్రజని కిలోకు 98 రూపాయలు, భాస్వరం కిలోకు 66 రూపాయల 93 పైసలు. 2023 అక్టోబరుకు అవి 47, 20 రూపాయల 82 పైసలు అయ్యాయి. మన రైతులు ఎక్కువగా వేసే ఇరవై ఇరవై బస్తాలో నత్రజని 10 కిలోలు, భాస్వరం 10 కిలోలు, గంధకం ఆరున్నర కిలోలు ఉంటాయి. లెక్కేస్తే ఆ బస్తా మీద సబ్సిడీ 1,690 రూపాయల నుంచి 690కి, అంటే ఏడాదిలో వెయ్యి రూపాయలు తగ్గింది.

కొత్త రేటు అమ్మకం జరిగిన రోజును బట్టి వర్తిస్తుంది, సరుకు కొన్న రోజును బట్టి కాదు. పాత ధరకు కొని గోదాములో పెట్టిన సరుకు మీద కొత్త సబ్సిడీ వస్తే ఆ తేడా నేరుగా నష్టం. సికింద్రాబాద్ కేంద్రంగా, విశాఖపట్నం, కాకినాడల్లో పెద్ద కర్మాగారాలున్న కోరమాండల్ ఇంటర్నేషనల్ నికర లాభం 2022 అక్టోబరు-డిసెంబరులో 527 కోట్లుంటే 2023 అవే మూడు నెలల్లో 228 కోట్లయింది. వానల లేమి, సాగు తగ్గడం కూడా అందులో భాగమే. అయినా ముడిసరుకు చవకైన ఏడాదిలో లాభం సగానికి పడిపోవడం ఎలా సాధ్యమో ఆ బస్తా లెక్క చెబుతుంది.

చమురు ఎందుకు కదిలిందన్నది తేల్చాలి

మూడు రంగాలకూ వర్తించే హెచ్చరిక ఒకటుంది. చమురు చవక కావడం వేరు, ఎందుకు చవకైందన్నది వేరు. ధర తక్కువున్న ఏళ్లలో కొత్త బావులు, కొత్త కర్మాగారాలు ఆగిపోతాయి. కొన్నేళ్లకు కొరత వచ్చి ధర ఎగురుతుంది. ఆ ధర చూసి అందరూ పెట్టుబడి పెడతారు, మళ్లీ సరుకు పొంగి ధర పడుతుంది. సరుకుల చక్రం తిరిగేది ఇలాగే. 2014-16 పతనం ఈ రకం. అమెరికా షేల్ చమురు ముంచెత్తింది, మన దేశంలో గిరాకీ బాగానే ఉంది. కాబట్టి ప్రయాణికులూ ఉన్నారు, ఇంధనమూ చవకే. 2015 నవంబరులో ఇండిగో మార్కెట్లో నమోదైంది ఆ అనుకూల గాలిలోనే. 2020 పతనం రెండో రకం. చమురు పడింది గిరాకీ చచ్చిపోయినందుకు. ఇంధనం చవకే, ఎగరడానికి ప్రయాణికుడే లేడు. 2020-21లో ఇండిగో నష్టం 5,800 కోట్లు దాటింది. సరఫరా పెరిగి చమురు పడితే వినియోగ రంగాలకు వరం, గిరాకీ పోయి పడితే అది తమ అమ్మకాలు కూడా పోతున్నాయన్న సూచన.

ఫలితాల కాగితం ఎలా చదవాలి

ఈ సమీక్షంతా ఆచరణలోకి వస్తే, త్రైమాసిక ఫలితాల్లో ఒక్కో రంగానికి ఒక్కో గడి ముందుగా వెతకాలి.

విమానయానంలో ఆ త్రైమాసికపు ఏటీఎఫ్ సగటును రూపాయల్లో చూడాలి. దాని పక్కన ప్రయాణికుడి నుంచి కిలోమీటరుకు వచ్చే ఆదాయం, అంటే యీల్డ్, పెట్టి చూడాలి. ఇంధనం పెరిగినా యీల్డ్ కూడా పెరిగితే ధర కంపెనీ చేతిలో ఉన్నట్టు. ఇంధనం తగ్గినా యీల్డ్ అంతకన్నా తగ్గితే పోటీదారు ఆ లాభాన్ని ప్రయాణికుడికి పంచేస్తున్నట్టు. మారకపు నష్టాన్ని వేరుగా తీసి చూడకుండా ఏ తీర్పుకూ రాకూడదు.

రంగుల్లో చూడాల్సింది ఈ త్రైమాసికం క్రూడ్‌ను కాదు, ఒకటి రెండు త్రైమాసికాల కిందటి క్రూడ్‌ను. దానికి ఎదురుగా స్థూల మార్జిన్, అమ్మిన పరిమాణం పెట్టాలి. పరిమాణం పది శాతం పెరిగి విలువ ఐదు శాతమే పెరిగిందంటే డబ్బా సగటు ధర జారుతోందని అర్థం. రాయితీలు పెరిగి ఉండాలి, లేదా కొనేవాళ్లు చవక రకాలకు మళ్లి ఉండాలి. క్రూడ్ ఎంత చవకైనా ఆ జారుడు ముందు నిలవదు.

ఎరువుల్లో లాభం కన్నా ముందు బ్యాలెన్స్ షీటు చూడాలి. సబ్సిడీ బకాయి ఎంత, గోదాములో సరుకు ఎంత, అప్పు ఎంత. ఏప్రిల్, అక్టోబరు నెలల్లో పోషక సబ్సిడీ రేట్లు మారే సమయానికి గోదాము నిండుగా ఉండి, ముడిసరుకు ధరలు దిగుతూ ఉంటే రాబోయే త్రైమాసికంలో దెబ్బ ఉంటుందని ముందే ఊహించవచ్చు.

విమానయాన సంస్థ ఖర్చును వెంటనే మోస్తుంది, ధరను పోటీ నిర్ణయిస్తుంది. రంగుల కంపెనీ ఖర్చును ఆలస్యంగా మోస్తుంది, బలమైన పోటీదారు రానంతవరకు ధరను తానే నిర్ణయిస్తుంది. ఎరువుల కంపెనీ ఖర్చును బడ్జెట్ మీదికి తోస్తుంది, కానీ ధరతోపాటు చెల్లింపు తేదీ కూడా ఆ బడ్జెట్ చేతిలోనే ఉంటుంది. చమురు ఐదు డాలర్లు కదిలిందని తెలిసిన ఉదయం వాటా కొనాలో అమ్మాలో తేల్చుకునే ముందు అడగాల్సింది ఒకటే: ఈ ఐదు డాలర్లు చివరికి ఎవరి జేబులోకి వెళ్తాయి? ఆ జవాబు కంపెనీయే అయితే సూత్రం పనిచేస్తుంది. ప్రయాణికుడో, పోటీదారో, ప్రభుత్వ ఖజానానో అయితే ఆ వార్త ఆ కంపెనీకి సంబంధించింది కాదు.